మెరుపు, మెత్తన చూసి బట్ట కొనకు, కొయ్యకముందు ఉతికి చూడు

ఒరే అల్లుడూ,

గోపాల్‌పూర్ హోటల్ వాళ్ళ స్టాఫ్ షర్టుల ఆర్డర్ నీకొచ్చిందని అక్క ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం. తెల్ల కాటన్ షర్టింగ్ కోసం బడాబజార్లో తిరుగుతున్నావంట కదా. హోటల్ బట్ట అంటే వేడినీళ్ళలో పదేపదే ఉతుకుతారు, బట్ట ముడుచుకుందంటే కాలర్ మెడకి పట్టదు, తిట్లు నీకే. అహ్మదాబాద్ ప్రాసెస్ హౌస్‌లో ఫినిషింగ్ ఖాతాలో పనిచేసినోణ్ణి కాబట్టి ఈ ఒక్క సంగతి వివరంగా రాస్తున్నాను.

షాపులో తాను విప్పి "మెర్సరైజ్డ్ అండి, మెరుపు చూడండి, ఎంత మెత్తగా ఉందో చూడండి" అంటారు. అది అబద్ధం కాకపోవచ్చు, కానీ మెరుపుకీ మెత్తనకీ బట్ట ముడుచుకోకపోడానికీ సంబంధం లేదు. మెర్సరైజింగ్ అంటే గట్టి కాస్టిక్ సోడా నీళ్ళలో, అంటే ఇరవై ఇరవై అయిదు శాతం ఉన్నవాటిలో, బట్టని లాగి పట్టుకుని కాసేపు నడిపించి కడిగెయ్యడం. దూదిపోగు ఉబ్బి గుండ్రంగా అవుతుంది, అందుకే వెలుగు బాగా పడుతుంది, బలం పెరుగుతుంది, రంగు బాగా పడుతుంది. లాగి పట్టుకోకపోతే అక్కడే బట్ట బాగా కుంచించుకుపోతుంది, మెరుపూ సరిగా రాదు. ఆ తర్వాత మిగతా మెషిన్లలో కూడా బట్టని పొడుగ్గా లాగుతూనే ఉంటారు, ఆ లాగుడంతా బట్టలో దాగి ఉంటుంది, నీళ్ళు తగలగానే బైటపడుతుంది.

ఎందుకంటే నూలు తడిస్తే ఉబ్బుతుంది, ఉబ్బిన పేక, అంటే అడ్డపోగు, మీదుగా కిందుగా పడుగు, అంటే నిలువుపోగు, ఎక్కువ వంపు తిరగాలి, వంపు పెరిగితే పొడుగు తగ్గుతుంది. అందుకే చాలా బట్టల్లో పొడుగువైపే ఎక్కువ తగ్గుదల.

దీనికి మందు సాన్‌ఫరైజింగ్. బట్టకి ఆవిరి పట్టించి, మందపాటి రబ్బరు బెల్టుకీ వేడి సిలిండర్‌కీ మధ్య పోనిస్తారు. బెల్టు రోలర్ మీద వంగినప్పుడు దాని పైభాగం సాగుతుంది, సిలిండర్ మీదకి తిరగగానే కుంచించుకుంటుంది, దానికి అంటుకున్న బట్టా పొడుగులో దగ్గరకి జరుగుతుంది, ఆపైన ఉన్ని ఫెల్ట్ మీద ఆరబెడితే ఆ జరుగుడు అక్కడే నిలుస్తుంది. సరిగ్గా చేస్తే ఉతికాక పొడుగు ఒక శాతం కూడా తగ్గదు. అయితే ఇది పొడుగుకే, వెడల్పు సంగతి బట్ట అంచులు పట్టి ఆరబెట్టే స్టెంటర్ మెషిన్ మీద చూసుకోవాలి. ఇంకోటి, సాన్‌ఫరైజ్ చేసిన తానుని తర్వాత టేబుల్ మీద గట్టిగా లాగి పరిస్తే ఆ లాభం కొంత పోతుంది, కటింగ్ చేసే కుర్రాళ్ళకి చెప్పు, వదులుగా పరచమని.

ఆ మెత్తన కోసం బట్టకి పట్టించే సాఫ్ట్‌నర్ గురించి జాగ్రత్త. పోగులు ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తుంది, దాంతో చింపుడికి తట్టుకుంటుంది, కుట్టు దగ్గర మాత్రం పోగులు ఈజీగా పక్కకి జరిగిపోతాయి. సిలికాన్ ఎక్కువ పెట్టిన బట్ట మీద నీటి చుక్క వేస్తే ముత్యంలా నిలబడిపోతుంది, చెమట పీల్చదు. తెల్లబట్టకి కొన్ని సాఫ్ట్‌నర్లు వేడికి పసుపు రంగు తెస్తాయి. ఆ మెత్తనలో చాలావరకు ఉతికే కొద్దీ పోతుంది కూడా.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇదీ. తాను చివర నుంచి మీటరు వదిలేసి లోపలి ముక్క తీసుకో, దానిమీద పడుగువైపు మూడు చోట్ల, పేకవైపు మూడు చోట్ల 50 సెంటీమీటర్ల గుర్తులు పెట్టు, కుట్టు దారంతో పెడితే ఉతికినా పోవు. హోటల్ వాళ్ళు ఎంత వేడిలో ఉతుకుతారో, డ్రయరో ఎండో కనుక్కుని అలాగే మూడుసార్లు ఉతుకు, మొదటి ఉతుకులోనే అంతా బైటపడదు. పూర్తిగా ఆరాక లాగకుండా కొలువు.

50 కాస్తా 47.5 అయిందనుకో, అయిదు శాతం. 75 సెంటీమీటర్ల షర్టు 71కి దిగిపోతుంది. అంత తగ్గితే ఆ తాను తీసుకోకు. వేరే దొరక్క తీసుకుంటే ప్యాటర్న్ పెంచు, 75ని 0.95తో భాగించు, 79 వస్తుంది, ఆ లెక్క పొడుగువైపు కొలతలకి. వెడల్పు తగ్గుదల వేరేగా ఉంటుంది, దానికి దాని శాతమే వెయ్యి. కాలర్ ఏ దిక్కుగా కోస్తున్నావో చూసుకుని ఆ దిక్కు శాతం తీసుకో.

కాలర్‌కి ప్యాటర్న్ పెంచితే సరిపోదు. కాలర్ గట్టిగా నిలవడానికి లోపల వేడితో అతికించే ఫ్యూజింగ్ బట్ట ముడుచుకోదు, పైబట్ట ముడుచుకుంటే ఉతికాక కాలర్ మీద బుడగలు లేస్తాయి, ఇస్త్రీతో పోవు. అందుకని మొదట ఒక్క కాలర్ పూర్తిగా ఫ్యూజ్ చేసి కుట్టి ఆ మూడు ఉతుకుల్లోనూ వెయ్యి, బుడగ లేస్తే ఆ తాను వాపసు ఇచ్చెయ్యి. ముక్క కోసుకునేటప్పుడే ఈ పరీక్ష చేస్తానని షాపులో చెప్పి, మిగతా తానుకి డబ్బులు ఆరిన తర్వాతే ఇస్తానని ఒప్పించుకో.

మీ మావయ్య