‘ఆలో’ అంటే వచ్చినట్టు కాదు

చిరంజీవి చిన్నాకు, నిజామాబాద్ నుంచి పెద్దబాపు ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు అంత బాధగా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. షేటు మరాఠీలో ‘ఆలో, ఆలో’ అన్నాడని బోధన్ వ్యాపారికి ‘షేటు వచ్చాడు, మీరు రండి’ అని చెప్పేశావు. ఆయన పాపం బండేసుకుని సరిహద్దు దాటి మహారాష్ట్రలోని ధర్మాబాద్ దాకా వస్తే దుకాణంలో నువ్వూ, త్రాసూ తప్ప ఎవరూ లేరు. షేటు అప్పటికి ఇంట్లో స్నానం చేస్తున్నాడు. ‘ఆలో అంటే వచ్చాను అనే కదా పెద్దబాపూ’ అని అడిగావు. పుస్తకంలో చూస్తే అదే. మనిషి నోట్లో మాత్రం అది ఒక్కటే కాదు.

అక్కడ అడ్తి దుకాణంలో నేను ముప్పై ఏళ్లు గుమాస్తాగా ఉన్నాను. ఇటు మన తెలుగు వ్యాపారులు, అటు మరాఠీ రైతులు, డ్రైవర్లు. మధ్యలో ఫోన్ నా చెవి దగ్గర. ఈ ‘రావడం’ అనే మాట దగ్గర తిన్నన్ని మొట్టికాయలు లెక్కల్లో కూడా తినలేదు.

మరాఠీ మనిషిని లోపలినుంచి ఎవరైనా పిలిస్తే ‘ఆలో’ అంటాడు. ఆడమనిషైతే ‘ఆలే’. మాట చూస్తే జరిగిపోయినదే, కాని ఆ మనిషి ఇంకా కుర్చీలోంచి లేవలేదు. రావడానికి ఒప్పుకున్నాడు కాబట్టి వచ్చినట్టే అని లెక్క. మనం అక్కడ ‘వస్తున్నా’ అంటాం. అందుకే పిలుపుకు జవాబుగా వచ్చిన ‘ఆలో’ను తెలుగులో ‘వస్తున్నాడు’ అనే చెప్పాలి. ‘ఆలోచ్’ అని చివర చ్ తగిలిస్తే ‘ఇదిగో వచ్చేస్తున్నా’ అని. అప్పుడు కూడా మనిషి గుమ్మంలో ఉన్నాడని మాత్రం అనుకోకు.

మరి నిజంగా వచ్చి నిలబడ్డవాడు ఏమంటాడు? ‘ఆలోయ్’ అంటాడు. ఆ చివరి ‘య్’ మీద చెవి పెట్టు. అది ‘ఆహే’ అన్న మాట అరిగిపోయిన రూపం. ‘ఆలో ఆహే’ అంటే వచ్చి ఉన్నాను అని. గేటు దగ్గర నిలబడి ఫోన్ చేసినవాడు ‘మీ ఆలోయ్’ అంటాడు, అప్పుడు బోధన్ ఆయనకు ధైర్యంగా ‘వచ్చాడు’ అని చెప్పుకో. మనవాళ్లలో కూడా ఇలాంటి అలవాటు లేకపోలేదు. సందు మొదట్లో ఉండగానే ‘వచ్చేశా’ అనేస్తాం. కాని ఉత్త ‘వచ్చాను’ అని మాత్రం దారిలో ఉండగా అనం. మరాఠీలో ఆ ఉత్త మాటే దారిలోనూ చెల్లుతుంది, తేడా అంతా అక్కడే.

ఈ తోకే మిగతా మాటల్లోనూ పని చేస్తుంది. ‘యేతో’ అంటే వస్తాను, ‘యేతోయ్’ అంటే ఇప్పుడు వస్తున్నాను. ‘నిఘాలోయ్’ అంటే బయల్దేరి దారిలో ఉన్నాను. తోక లేని ‘నిఘాలో’ దగ్గరే అసలు గండం.

ఒకసారి నాందేడ్ వైపు నుంచి మిర్చి లోడు రావాలి. డ్రైవర్ ఫోన్ చేసి ‘నిఘాలో, ఆలోచ్’ అన్నాడు. నేను ఠక్కున కొనే ఆయనతో ‘బయల్దేరాడు, వచ్చేస్తున్నాడు’ అన్నాను. ఆయన సాయంత్రం ఇంటికి పోయే హమాలీలను ఆపి కూర్చోబెట్టాడు. గంట అయింది, రెండు గంటలయ్యాయి. హమాలీలు బీడీలు కాలుస్తూ నా మొహం చూస్తున్నారు. ఆఖరుకు లారీ రాత్రి తొమ్మిదికి వచ్చింది. డ్రైవర్‌ను కోపంగా అడిగితే అతనికి నా కోపమే అర్థం కాలేదు. ‘అప్పుడు టార్పాలిన్‌కు తాడు కడుతున్నా, అందుకే నిఘాలో అన్నా’ అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. చెప్పులు వేసుకుంటూ, తాళం వెతుక్కుంటూ, తాడు కడుతూ అనే మాటే ‘నిఘాలో’. దాన్ని ‘బయల్దేరుతున్నాడు’ అని చెప్పాల్సిన చోట ‘బయల్దేరాడు’ అన్నది నేను. హమాలీల ఆగుడు కూలీ ఆ నెల నా జీతంలోంచి పోయింది. ఎంతో చెప్పను, మీ పెద్దమ్మకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు నుంచి నేను ఆ మాటలను నమ్మి కబురు చెప్పడం మానేశాను. ఇక్కడ ఇంకో చిక్కుంది. లారీ ఇంజన్ చప్పుడులో ఆ ‘య్’ వినబడదు. పల్లె యాసలో ఆ మాట మరో రూపంలో రావచ్చు. కాబట్టి డ్రైవర్ ఎప్పుడొస్తాడని కాకుండా ఎక్కడున్నాడని అడుగు. ‘కుఠపర్యంత్ ఆలాస్?’ అంటే ఎంతవరకు వచ్చావు అని. ముద్ఖేడ్ దాటాను అన్నాడనుకో, ఇంకా ఉమ్రీ దాటాలి, అప్పుడు ధర్మాబాద్. ఉమ్రీ వదిలాను అంటే హమాలీలను పిలవవచ్చు. ఊరు పేరు చెప్పలేక ‘ఆలోచ్, ఆలోచ్’ అంటున్నాడంటే తాడు కడుతున్నాడనే లెక్క. కొనే ఆయనకు కూడా ‘వస్తున్నాడు’ అనకుండా ‘ఉమ్రీ దాటాడట’ అని చెప్పు. మన ‘వస్తున్నా’ కూడా అంత నిక్కచ్చి మాటేం కాదులే. మంచం మీదున్నవాడూ అదే అంటాడు, రోడ్డు మీదున్నవాడూ అదే అంటాడు.

ఇంకోటి అడిగావు. పాత షేటు టీ చెప్పించుకుని, నాలుగు మాటలు మాట్లాడి, ‘చలా, యేతో’ అని లేచిపోతే నువ్వు ఆయన వస్తాడని రెండో టీ మూత పెట్టి ఉంచావట! నువ్వు హిందీ మీదుగా విన్నావు. హిందీలో ‘ఆతా హూఁ’ అని బయటికి పోయినవాడు కాసేపట్లో తిరిగొస్తాడు. మరాఠీలో లేచి నిలబడి ‘యేతో’ అంటే సెలవు తీసుకోవడం. మనమూ గడప దాటేటప్పుడు ‘పోతున్నా’ అనం కదా, ‘పోయొస్తా’ అంటాం, లేదా ‘వస్తా’ అని ఊరుకుంటాం. నువ్వు మరాఠీ నుంచి నేరుగా తెలుగులోకి వచ్చి ఉంటే టీ చల్లారేది కాదు. ముందు ‘చలా’ గాని ‘బరం’ గాని పడిందా, చెయ్యి చెప్పుల వైపు పోయిందా చూడు. అలా అయితే టీ గ్లాసు నువ్వే తాగెయ్.

నువ్వు మరాఠీలో చెప్పేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. రైతు ‘రేపు వస్తావా’ అని అడిగితే మన ‘వస్తాను’కు నిఘంటువు చూసి ‘యేయీన్’ అనేస్తావు. రాబోయే కాలం రూపమే అది, తప్పు లేదు. కాని వినేవాడికి అందులో ‘చూద్దాంలే’ వాసన కొడుతుంది. ఖాయంగా పోతున్నప్పుడు ‘ఉద్యా యేతో’ అను. ఆదివారం మీ అమ్మ నీకోసం జొన్నరొట్టెలు చేస్తుందట, ఆమె ఫోన్ చేస్తే మాత్రం ‘ఆలోచ్’ అనకు, ఏ బస్సుకు ఎక్కావో చెప్పు.

నీ పెద్దబాపు