టెక్ సందేహాలు: స్క్రీన్‌షాట్ల పట్టికలో ఏ వరుస రెండోసారి వచ్చింది?

ప్రశ్న: మిర్చి కమీషన్ కొట్టులో గుమస్తాను. సీజన్ అమ్మకాల జాబితా మాకు ఫోన్ యాప్‌లోనే కనిపిస్తుంది, ఎక్సెల్‌లోకి దింపుకునే మీట లేదు. కిందికి జరుపుతూ 14 స్క్రీన్‌షాట్లు తీశాను. ఒకదాని చివరి వరుసలే తర్వాతి దాని మొదట్లో మళ్లీ వస్తున్నాయి. అన్నీ ఎక్సెల్‌లో పెట్టి Remove Duplicates నొక్కితే మొత్తం టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, యాప్‌లో ఉన్నదానికంటే తగ్గిపోతున్నాయి, నొక్కకపోతే పెరిగిపోతున్నాయి. ఎలా సరిచేయాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ లెక్క తగ్గడానికి కారణం ఆ మీటే. Remove Duplicates ఒక వరుసలో ఏం రాసి ఉందో మాత్రమే చూస్తుంది, అది జాబితాలో ఎక్కడుందో చూడదు. మిర్చి యార్డులో ఒకే రోజు ఒకే ధరకు పది టిక్కీల తేజ రకం లాట్లు రెండు అమ్ముడుపోవడం మామూలే. అవి రెండు వేర్వేరు అమ్మకాలు. మీ పట్టికలో రకం, టిక్కీలు, ధర మాత్రమే ఉంటే ఎక్సెల్‌కు ఆ రెండూ ఒకటే వరుస, అందుకే ఒకదాన్ని తీసేస్తుంది. స్క్రీన్‌షాట్ వల్ల రెండోసారి వచ్చిన వరుసనూ నిజంగా రెండుసార్లు జరిగిన అమ్మకాన్నీ వేరు చేసేది వాటి స్థానం ఒక్కటే. స్క్రీన్‌షాట్ వల్ల వచ్చినవి ఎప్పుడూ అంచు దగ్గరే, వరసగానే ఉంటాయి. మొదటి స్క్రీన్‌షాట్ చివరి కొన్ని వరుసలు అదే క్రమంలో రెండోదాని మొదట్లో కనిపిస్తాయి. కాబట్టి మీరు వెతకాల్సింది ఒకేలా ఉన్న వరుసల కోసం కాదు, ఈ గొలుసు కోసం.

ముందు యాప్ భాషను ఇంగ్లీషుకు మార్చి స్క్రీన్‌షాట్లు తీయండి. ఎక్సెల్‌లో Data ట్యాబ్ కింద ఉన్న From Picture ఇంగ్లీషు అక్షరాలను, అంకెలను బాగానే చదువుతుంది. ఒక్కో స్క్రీన్‌షాట్‌ను విడిగా చదివించి, తీసిన క్రమంలోనే ఒకదాని కింద ఒకటి పేర్చండి. పేర్చేటప్పుడు ఎడమవైపు రెండు కాలమ్‌లు మీరే చేర్చాలి: A లో స్క్రీన్‌షాట్ నంబరు, B లో ఆ స్క్రీన్‌షాట్‌లో అది ఎన్నో వరుస అన్నది. ఈ రెండూ లేకపోతే పొరపాటున షీట్‌ను ఒకసారి సార్ట్ చేశారంటే ఏ వరుస ఎక్కడిదో తెలియదు, పని మళ్లీ మొదటికొస్తుంది.

పై అంచునో కింది అంచునో సగం తెగిన వరుస ఉంటే పోల్చడానికి ముందే తీసేయండి. పక్క స్క్రీన్‌షాట్‌లో అది నిండుగా ఉంటుంది. అక్కడా లేకపోతే ఆ రెంటి మధ్య ఖాళీ ఉన్నట్టే, ఆ చోట మళ్లీ ఒక స్క్రీన్‌షాట్ తీయాలి. ప్రతి తెరపైనా కదలకుండా ఉండే కాలమ్ పేర్ల వరుసను, అడుగున ఉండే మొత్తాల పట్టీని కూడా తీసేయాలి. స్క్రీన్‌షాట్లను బొమ్మలుగా అతికించే యాప్‌లు తప్పుచేసేది తరచూ ఈ కదలని పట్టీల దగ్గరే. రెండు బొమ్మల్లోనూ అవి ఒకేచోట అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి వాటినే కలిసిన భాగం అనుకుంటాయి.

ఇప్పుడు ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. రెండు స్క్రీన్‌షాట్లు, ఒక్కోదానిలో ఆరు వరుసలు. C లో మిర్చి రకం, D లో టిక్కీలు, E లో ధర. ఎడమ చివర ఉన్నది షీట్‌లో వరుస నంబరు. మొదటి వరుసలో కాలమ్ పేర్లు ఉంటాయి కాబట్టి లెక్క 2 నుంచి మొదలవుతుంది.

```
     A  B  C     D   E
2    1  1  Teja  22  14200
3    1  2  341   15  13500
4    1  3  Teja  12  14100
5    1  4  341   15  13500
6    1  5  Teja  10  14000
7    1  6  Teja  10  14000
8    2  1  341   15  13500
9    2  2  Teja  10  14000
10   2  3  Teja  10  14000
11   2  4  334   18  12000
12   2  5  Teja  30  14200
13   2  6  341   15  13500
```

F కాలమ్‌లో ఒక్కో వరుసను ఒకే మాటగా కలపండి. F2 లో ఈ ఫార్ములా రాసి కిందిదాకా లాగితే చాలు. మధ్యలో నిలువు గీత తప్పనిసరి. అది లేకపోతే ఒక గడి అంకెలు పక్క గడి అంకెల్లో కలిసిపోయి, వేర్వేరు వరుసలు ఒకటిగా కనిపించవచ్చు.

```
=TRIM(C2)&"|"&D2&"|"&E2
```

రెండో స్క్రీన్‌షాట్ మొదటి వరుస 341 రకం, 15 టిక్కీలు, 13500. దాన్ని మొదటి స్క్రీన్‌షాట్‌లో వెతికితే రెండుచోట్ల దొరుకుతుంది, షీట్‌లో 3వ వరుసలోనూ 5వ వరుసలోనూ. 3వ వరుస నుంచి గొలుసు మొదలైందనుకుంటే దాని తర్వాత 12 టిక్కీల తేజ ఉంది, రెండో స్క్రీన్‌షాట్‌లో మాత్రం 10 టిక్కీల తేజ ఉంది. గొలుసు అక్కడే తెగింది, కాబట్టి అది కాదు. 5వ వరుస నుంచి చూస్తే 341, తేజ, తేజ అని మూడూ వరసగా కలుస్తూ మొదటి స్క్రీన్‌షాట్ చివరి వరుసదాకా వచ్చాయి. గొలుసు చివరిదాకా రావడం ముఖ్యం. మధ్యలో కలిసి, చివరిదాకా రాకుండా ఆగిపోయింది ఎంత పొడవున్నా పనికిరాదు. కంటితో చూసినదాన్ని ఈ ఫార్ములాతో ఖాయం చేసుకోండి.

```
=SUMPRODUCT(--(F5:F7=F8:F10))
```

మూడు వరుసలు పోల్చాం, జవాబు 3 వచ్చింది, అంటే మూడూ కలిశాయి. 3వ వరుస నుంచి మొదలుపెట్టి F3:F7 ను F8:F12 తో పోలిస్తే ఐదింటికి 1 మాత్రమే వస్తుంది.

ఇక G కాలమ్‌లో 8, 9, 10 వరుసల పక్కన 0 వేయండి, మిగిలినవాటికి 1. ఏ వరుసనూ చెరపవద్దు. మూడో స్క్రీన్‌షాట్‌ను పోల్చేటప్పుడు రెండోదాని వరుసలన్నీ, 0 వేసినవాటితో సహా, మీకు కావాలి. తెరను కొంచెమే జరిపి తీసినచోట మూడోదాని గొలుసు ఆ వరుసల్లో నుంచే మొదలు కావచ్చు. ఇలా పక్కపక్క స్క్రీన్‌షాట్లను జతలుగా చూసుకుంటూ వెళ్తే మీ 14కు మొత్తం 13 జతలు.

ఈ ఉదాహరణలో 1 వేసిన వరుసలు తొమ్మిది, టిక్కీలు 147. ఏమీ తీయకుండా కూడితే 182. C, D, E కాలమ్‌ల మీద Remove Duplicates నొక్కితే ఆరు వరుసలు, 107 టిక్కీలు మిగులుతాయి. రెండు తెరల్లోనే 40 టిక్కీలు పోయాయి. చివరి వరుసలోని 15 టిక్కీల 341 కూడా అందులో పోయింది, అది ఈ రెండు తెరలు కలిసే అంచు దగ్గర లేకపోయినా, దానికీ గొలుసుకూ ఏ సంబంధం లేకపోయినా.

కొన్ని జతల్లో ఫార్ములా మూడింటికి 2 అని చెబుతుంది. అప్పుడు కంగారుపడి గొలుసు తప్పనుకోకండి, ముందు రెండు బొమ్మలూ తెరిచి ఆ వరుసను చూడండి. చాలాసార్లు చదవడంలో జరిగిన తప్పే అయి ఉంటుంది. ఒకచోట 14000 అని, మరోచోట చివరి సున్నాకు బదులు O అక్షరమో, కామాకు బదులు చుక్కో పడి ఉంటుంది. నా దృష్టిలో కలిసిన వరుసల వల్ల ఉన్న పెద్ద మేలు ఇదే. ఆ వరుసలను ఎక్సెల్ రెండు బొమ్మల్లో రెండుసార్లు చదివింది కాబట్టి, ఎక్కడ తప్పు చదివిందో అదే పట్టిస్తుంది. ఒక్కసారే చదివిన మధ్య వరుసలకు ఆ అవకాశం లేదు. వాటిని బొమ్మతో మీరే సరిచూసుకోవాలి.

ఫార్ములా ఎంత సరిగ్గా రాసినా తేలని సందర్భం ఒకటుంది. పై ఉదాహరణలో మీరు తెరను ఇంకొక్క వరుస జరిపి ఉంటే రెండో స్క్రీన్‌షాట్ 341తో కాకుండా నేరుగా రెండు తేజ వరుసలతో మొదలయ్యేది. మొదటిది రెండు తేజ వరుసలతో ముగుస్తోంది. రెండూ కలిసినవే అనుకుంటే జాబితాలో ఉన్నవి రెండు లాట్లు. ఒకటే కలిసిందనుకుంటే మూడు. అసలు ఏవీ కలవలేదు, తెర సరిగ్గా ఆ అంచుకే జరిగిందనుకుంటే నాలుగు. మూడూ జరగగలిగినవే. పొడవైన గొలుసునే తీసుకుందాం అనేవారున్నారు గానీ, డబ్బు లెక్కల్లో ఊహ పనికిరాదు. కలిసిన భాగంలో మిగతావాటికి భిన్నమైన వరుస ఒక్కటైనా ఉండాలి, ఇక్కడ 341 చేసిన పని అదే. అలాంటి వరుస లేని జతకు ఆ అంచు మధ్యలో పడేలా ఇంకో స్క్రీన్‌షాట్ తీసి చేర్చండి. తీసేటప్పుడే ప్రతిసారీ సగం తెర మాత్రమే జరిపితే ఈ ఇబ్బంది చాలావరకు రాదు. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే లాట్ నంబరో, అమ్మిన సమయమో కనిపిస్తుందేమో కూడా చూడండి. ప్రతి అమ్మకానికీ వేరుగా ఉండే అలాంటి కాలమ్ దొరికితే దాన్ని కూడా కలుపుకుని, A, B కాలమ్‌లను వదిలేసి Remove Duplicates నిశ్చింతగా నొక్కవచ్చు, ఈ గొలుసుల పనే ఉండదు.

స్క్రీన్‌షాట్లు యార్డు నడిచే వేళ తీయకండి. కొత్త అమ్మకాలు పైన చేరే జాబితా అయితే మీరు కిందికి జరుపుతుండగానే వరుసలన్నీ దిగుతాయి. దానివల్ల కలిసిన భాగం పెరుగుతుంది అంతే, గొలుసుకు నష్టం లేదు. కానీ ధర వరసలో పేర్చిన జాబితా అయితే కొత్త వరుస మీరు దాటిపోయిన చోట చేరి, ఏ స్క్రీన్‌షాట్‌లోనూ పడదు. మధ్యలో ఎవరైనా ఒక అమ్మకాన్ని రద్దు చేస్తే కిందివి పైకి జరిగి, అంచు దగ్గర వరుసలు తప్పిపోవచ్చు. తేదీల వడపోత ఉంటే నిన్నటివరకు అని పెట్టి, తేదీ వరసలో పేర్చి తీయడం మంచిది.

చివరగా 1 వేసిన వరుసల సంఖ్యను, టిక్కీల మొత్తాన్ని యాప్‌తో సరిచూడండి.

```
=SUM(G2:G500)
=SUMIFS(D2:D500,G2:G500,1)
```

మీ వరుసలు ఐదు వందలు దాటితే 500 బదులు చివరి వరుస నంబరు వేయండి. రెండూ కలవాలి. టిక్కీలు కలిసి వరుసల సంఖ్య కలవకపోతే ఎక్కడో ఒక వరుస తప్పిపోయి, మరోచోట కలిపి అన్నే టిక్కీలయ్యే రెండు మూడు వరుసలు ఎక్కువగా చేరి ఉండవచ్చు. వరుసల సంఖ్య కలిసి టిక్కీలు కలవకపోతే ముందు అంకెలు తప్పుగా చదివిందేమో చూడండి. అవి సరిగానే ఉంటే ఒకచోట పోయిన వరుసకు బదులు ఇంకోచోట వేరొకటి రెండుసార్లు పడి ఉంటుంది. రెండూ తగ్గితే, ఎంత తగ్గిందో అన్ని టిక్కీలున్న వరుసలు ఏ అంచు దగ్గర ఉన్నాయో వెతకండి, తప్పు 0 వేసింది అక్కడే కావచ్చు.