మైనస్ బిల్లు: సౌజన్యకు పెద్దమ్మ ఉత్తరం

అనంతపురం,
ఆదివారం తెల్లవారుజామున

చిరంజీవి సౌజన్యకు,

నిన్న రాత్రి కడప నుంచి మీ అమ్మ ఫోను చేసి, నువ్వు సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీకి దరఖాస్తు పెడుతున్నావని చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత మళ్లీ నువ్వే కదా అని మురిసిపోయాను. ఇక ఫోను పెట్టేస్తాననగా అసలు సంగతి బయటపెట్టింది. అమీర్‌పేటలో ఎవరో కన్సల్టెన్సీ అతను రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కవర్ లెటర్‌లో రాయమన్నాడట, కాగితాలు తానే పుట్టిస్తాడట. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

ఆ పని మాత్రం చేయకు. అలాంటి కంపెనీల్లో ఇరవై ఏళ్లు పనిచేసి, చివరి ఆరేళ్లు కొత్తవాళ్ల దరఖాస్తులు చదివినదాన్ని కనుక చెబుతున్నాను. పాత ఉద్యోగం నిజమో కాదో ఆరా తీయడానికి వేరే సంస్థలు ఉంటాయి. రెండేళ్లు పనిచేశానంటే భవిష్యనిధి జమలు ఏవి, బ్యాంకులో జీతం పడిన ఆనవాలు ఏది అని అడుగుతారు. ఆ ఆరా ఒక్కోసారి ఉద్యోగంలో చేరాక కూడా సాగుతుంది. మా ఆఫీసులో ఒక అబ్బాయి శిక్షణ ముగించి, ప్రాజెక్టులో కుదురుకున్నాక ఎనిమిదో నెలలో దొరికిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వచ్చేసరికి అతని గుర్తింపు కార్డుకు తలుపు తెరుచుకోలేదు. కార్డును చొక్కాకు తుడిచి మళ్లీ ఆనించడం, మళ్లీ తుడవడం. చేతిలో క్యారియర్ అలాగే ఉంది. ఆ పిల్లవాడి స్థానంలో నిన్ను ఊహించుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతోంది. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్ల గురించి మీ నాన్న చెప్పే ఉంటాడు. నేను మళ్లీ చెప్పను.

ఇక మామూలు సంగతులు. కవర్ లెటర్‌ను ఒక పేజీ దాటనివ్వకు. కంపెనీ పేరు ఒకటికి రెండుసార్లు చూసుకో, ఒకరికి రాసినది మరొకరికి పంపేవాళ్లు ఇప్పటికీ తక్కువేమీ కాదు. మెయిల్ విషయం గడిలో నీ పేరు, ఏ ఉద్యోగానికో, పాసైన సంవత్సరం ఉంటే చాలు. మార్కుల శాతం అడిగితే సీజీపీఏను పదితో హెచ్చవేసి పంపకు, మీ విశ్వవిద్యాలయం నిబంధనల్లో ఇచ్చిన సూత్రంతోనే లెక్క కట్టు. సప్లిమెంటరీలో పాసైన సబ్జెక్టు గురించి కవర్ లెటర్‌లో చెప్పుకోనక్కరలేదు, కానీ దరఖాస్తు ఫారంలో అడిగితే దాచకు.

అసలు చిక్కంతా మధ్య పేరాలో ఉంది. అనుభవం లేనివాళ్లు అక్కడ ఏం రాయాలో తోచక 'కష్టపడే స్వభావం, నేర్చుకోవాలనే తపన' అని నింపేస్తారు. నేను చదివిన ఉత్తరాల్లో ఆ తపన లేనివాళ్లు ఒక్కరూ కనిపించలేదు. మిగతావాళ్లు ఫైనలియర్ ప్రాజెక్టు మొత్తం తామే చేశామని రాస్తారు. నేను ఈ రెండో రకం.

అది 1999. మేం నలుగురం కలిసి కరెంటు బిల్లులు లెక్కకట్టే ప్రోగ్రాం చేశాం. ముందు కనిపించే తెరలు విజువల్ బేసిక్‌లో, వెనుక ఒరాకిల్. నిజానికి పట్టికలు రూపొందించింది, కోడ్‌లో ఎక్కువ భాగం రాసింది మిగతా ముగ్గురు. నేను మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి పాత బిల్లులు అడిగి తెచ్చి, ఆ రీడింగులన్నీ ఎక్కించి చూశాను. అయినా ఉత్తరంలో 'రూపకల్పన, నిర్మాణం నేనే చేశాను' అని రాసుకున్నాను. బెంగళూరు నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మీ తాతయ్య నాతో వచ్చి, ఆ ఆఫీసు గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు.

లోపల ఒక పెద్దమనిషి తెల్లకాగితం నా ముందుకు జరిపి, 'మీరు తయారుచేసిన పట్టికలు గీయండి' అన్నాడు. రెండు గళ్లు గీశాను. ఈ రెండింటినీ కలిపే కీ ఏది అన్నాడు. నాకు తెలియదు. ఆయన కోప్పడలేదు, పెన్ను మూతపెట్టి మంచినీళ్లు తాగమన్నాడు, అంతే. కోప్పడి ఉంటే బాగుండేది.

తిరుగు బస్సులో తాతయ్య ఏమీ అడగలేదు. పెనుకొండ దగ్గర వేరుశెనగకాయలు కొని పొట్లం నా ఒళ్లో పెట్టి, 'ఇంతకీ ఆ ప్రాజెక్టులో నువ్వు చేసిందేమిటమ్మా?' అన్నాడు. బిల్లులు ఎక్కించానని చెప్పాను. ఎక్కిస్తే ఏమైంది అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఒక ఇంటికి ఆ నెలలో మీటరు మార్చారు. పాత మీటరు 4,812 దగ్గర ఆగింది, కొత్తది సున్నా నుంచి మొదలై నెలాఖరుకు 37కు వచ్చింది. ప్రోగ్రాం 37లోంచి 4,812 తీసేసి, ఆ ఇంటివాళ్లకు కంపెనీయే బాకీ పడినట్టు మైనస్ బిల్లు ఇచ్చింది. దాన్ని పట్టుకున్నది నేనే. నేను చూపించాకే మావాళ్లు మీటరు మార్పిడికి వేరే గడి పెట్టారు. మీ తాతయ్య కాయ వలుస్తూ, 'మరి ఆ సంగతి రాయలేదేం?' అన్నాడు.

చాలా చిన్న విషయం అనిపించి రాయలేదు. తర్వాతి ఉత్తరంలో అదొక్కటే నాలుగు వాక్యాల్లో రాశాను. అక్కడివాళ్లు ముప్పావు గంట ఆ మీటరు గురించే అడిగారు. ఎంత తవ్వినా నా దగ్గర జవాబు ఉంది. టెస్టింగ్ విభాగంలో తీసుకున్నారు.

సర్వీసుల కంపెనీ సంగతి తెలుసు కదా, బయటి బ్యాంకులకో బీమా సంస్థలకో వాళ్ల ప్రోగ్రాంలు నడిపిపెట్టడమే దాని వ్యాపారం. కొత్తగా చేరినవాళ్లకు కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి, తరచు ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ చేతిలో పెడతారు. కాబట్టి ఇతరుల పనిలో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోగలవా, దాన్ని అర్థమయ్యేలా చెప్పగలవా అన్నదే వాళ్లకు కావాలి. ప్రపంచాన్ని మార్చేస్తానని రాయకు తల్లీ.

పోయిన దసరాకు వచ్చినప్పుడు మీ హాస్టల్ మెస్ బిల్లుల ప్రాజెక్టు గురించి నువ్వే చెప్పావు, మరిచిపోయావేమో. సెప్టెంబర్ 28 నుంచి అక్టోబర్ 5 దాకా సెలవు పెట్టిన పిల్లకు రెండు నెలల బిల్లుల్లోనూ ఎనిమిదేసి రోజులు తగ్గాయని, మెస్ మేనేజరు గోల పెట్టాడని నవ్వావు. నీ మధ్య పేరా అదే. ముందు తెలుగులో ఇలా పెట్టుకుని, తర్వాత తేలిక ఇంగ్లీషులోకి మార్చుకో:

'మా నలుగురి బృందం హాస్టల్ మెస్ బిల్లుల ప్రోగ్రాం చేసింది. అందులో సెలవు రోజులు తగ్గించే భాగం నేను పైథాన్‌లో రాశాను. సెలవు నెలాఖరు దాటితే మొత్తం రోజులు రెండు నెలల్లోనూ తగ్గుతున్నాయి. సెలవును నెలల వారీగా విడగొట్టి, సెప్టెంబర్‌కు మూడు, అక్టోబర్‌కు ఐదు రోజులు వచ్చేలా సరిచేశాను.'

తప్పు మొదట నీదేనని దీన్నిబట్టి తెలుస్తుంది, తెలియనీ. నువ్వు రాయని భాగం గురించి అడిగితే అది ఫలానావాళ్లు రాశారని చెప్పు.

చివరి పేరాలో ఏ ఊరైనా వస్తానని రాసేముందు మీ అమ్మతో మాట్లాడు. చెన్నై అయినా పుణె అయినా తను పంపుతుంది, నాలుగు రోజులు ఏడుస్తుంది, అంతే. రాత్రి షిఫ్టు మాట మాత్రం వాళ్లు అడిగేదాకా నువ్వు ఎత్తకు. ఇది పెద్దమ్మ పిరికితనం అనుకున్నా సరే.

ఆ కన్సల్టెన్సీ అతనికి నీ సర్టిఫికెట్ల నకళ్లు ఏమైనా ఇచ్చావా? ఈ ఉత్తరం అందగానే ముందు ఆ సంగతి ఫోను చేసి చెప్పు. కవర్ లెటర్ సాయంత్రం చదువుదాం.

మీ పెద్దమ్మ