బిజీగా ఉండే క్లయింట్ నుంచి వెబ్‌సైట్ కంటెంట్ రాబట్టడం ఎలా?

ప్రశ్న: ఒక క్యాటరింగ్ ఆయనకి వెబ్‌సైట్ చేస్తున్నాను. కంటెంట్ పంపమంటే "పంపుతానండీ" అంటారు, ఏదీ రాదు. వచ్చిన నాలుగు ఫొటోలూ వాట్సాప్‌లో మసగ్గా ఉన్నాయి. డమ్మీ టెక్స్ట్ పెట్టి పేజీలు మొదలుపెట్టేయనా?

జవాబు: మొదలుపెట్టకండి. డమ్మీ టెక్స్ట్ చుట్టూ కట్టిన పేజీలో మెనూకి మూడు లైన్ల చోటు ఉంటుంది, ఆయన మెనూలో నలభై ఐటమ్స్ ఉంటాయి. అప్పుడు పేజీ మళ్లీ కట్టాల్సిందే.

రాజమండ్రిలో క్యాటరింగ్ చేసే ఒకాయనకి నేను సైట్ చేశాను. "కంటెంట్ పంపండి" అంటే ఆయనకి ఏం చేయాలో తెలియదు. కూర్చుని రాసే తీరిక కూడా లేదు. కానీ తన పని గురించి నోటితో అడిగితే ఎంతసేపైనా చెప్తారు. అందుకే పెళ్ళి మర్నాడు మధ్యాహ్నం, సామాన్లు లెక్క చూసుకుని కాస్త తీరిక దొరికే వేళకి ఫోన్ చేసి, రికార్డ్ చేసుకుంటానని చెప్పి మాట్లాడాను. "మీ ప్రత్యేకత ఏమిటి" అని అడగలేదు. "కొత్తవాళ్లు ఫోన్ చేస్తే మొట్టమొదట ఏం అడుగుతారు?" అన్నాను. "వంట ఎక్కడ చేస్తారని అడుగుతారండీ. రెండొందల మంది లోపైతే మా దగ్గరే వండి తెస్తాం. దాటితే మీ ఇంటి దగ్గరే పొయ్యిలు పెడతాం, నీళ్లూ షామియానా మీరు చూసుకోవాలి" అన్నారు. ఆ మాటలే దాదాపు అలాగే సైట్‌లోకి వెళ్లాయి. రాత్రికి ఐదారు లైన్లుగా రాసి పంపి, "ఇందులో తప్పేమైనా ఉందా?" అని మాత్రం అడిగాను. రాయమంటే రాయని మనిషి, తప్పు కనిపిస్తే వెంటనే వాయిస్ మెసేజ్ పెడతారు.

లోగో కోసం ఆయన్ని అడిగి లాభం లేదు. ఆయన దగ్గర ఉండేది విజిటింగ్ కార్డు ఫొటోయే. అసలు ఫైల్ ఆయన ఫ్లెక్స్ వేయించిన డీటీపీ షాపులో, కోరల్‌డ్రాలో ఉంటుంది. షాపు నంబర్ తీసుకుని మీరే నేరుగా మాట్లాడండి. పేరు తెలుగులో ఉంటే అది చాలాసార్లు అను ఫాంట్లలో టైప్ చేసి ఉంటుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి. ముందు Convert to Curves (`Ctrl+Q`) చేసి, పీడీఎఫ్‌గానో ఎస్‌వీజీగానో ఇమ్మనండి. పాంప్లెట్ లోంచి మెనూ కాపీ చేసినా అదే తంటా. యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా మళ్లీ టైప్ చేసుకోవాలి.

మీకొచ్చిన ఫొటోలు మసగ్గా ఉండడానికి కారణం వాట్సాప్ వాటిని కుదించడమే. పెద్ద స్క్రీన్ మీద నిండుగా కనిపించే బ్యానర్‌కి సుమారు 1920 పిక్సెళ్ల వెడల్పు కావాలి. గ్యాలరీ లోంచి కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అసలు సైజు వస్తుంది. ఆయనకి అది కుదరకపోతే ఇంట్లో ఫోన్ బాగా వాడే పిల్లల్ని పట్టుకోండి. నాకు ఆ పని చేసిపెట్టింది ఆయన మేనల్లుడే. "మంచి ఫొటోలు పంపండి" అనకుండా ఏవి కావాలో చెప్పాలి: వడ్డించిన అరిటాకు పైనుంచి, పొయ్యి దగ్గర వంటవాళ్లు, బఫే కౌంటర్, ఆయన నిలబడి ఉన్నది. పెళ్ళి ఫొటోగ్రాఫర్ తీసినవి వాడాలంటే ఫొటోగ్రాఫర్‌నీ పెళ్ళివారినీ అడగాలి. అతిథుల ముఖాలు స్పష్టంగా కనిపించేవి నేను పక్కన పెట్టేస్తాను.

కస్టమర్ల మాటలు ఆయన ఫోన్‌లోనే ఉంటాయి, పెళ్ళయ్యాక వచ్చిన మెసేజ్‌ల రూపంలో. "ఆఖరి పంక్తి దాకా గుత్తి వంకాయ అందింది" లాంటి మాట వంద "సూపర్"ల కంటే విలువైనది. దాన్ని మీరు మెరుగుపెట్టకండి. ఆయన ద్వారానే వాళ్లకి ఒక మెసేజ్ పెట్టించండి: "మీ మాటలు, పేరు, ఊరు మా సైట్‌లో పెట్టుకోవచ్చా?" వచ్చిన సమాధానాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఇవన్నీ ఒక షీట్‌లోకి రావాలి. పేజీలో కనిపించే ప్రతి ముక్కకీ ఒక వరుస: ఏ పేజీ, ఏం కావాలి, ఎవరి దగ్గర ఉంది, వచ్చిందా, ఆయన ఓకే అన్నారా. ఫైల్ రాగానే `menu-pelli-01.jpg` లాగా పేరు మార్చి డ్రైవ్‌లో పెట్టేయండి, `IMG-2024` పేర్లతో వదిలేస్తే తర్వాత వెతకలేరు. షీట్ మాత్రం ఆయనకి పంపొద్దు, చూడరు. అందులోంచి రోజుకి ఒక్క ప్రశ్నే వాట్సాప్ చేయండి. ఫొటోలు తీసే పని తప్ప మిగతాదంతా ఆషాఢంలో పెట్టుకుంటే, పెళ్ళిళ్లు ఉండవు కాబట్టి మనిషి దొరుకుతారు.

ఒక పేజీకి సంబంధించిన వరుసలన్నీ నిండాక ఆ పేజీ రాయడం మొదలుపెట్టండి, మిగతా పేజీల కోసం ఆగక్కర్లేదు. డెలివరీ గడువు అడ్వాన్స్ ఇచ్చిన రోజు నుంచి కాకుండా ఆఖరి వరుస నిండిన రోజు నుంచి లెక్క అని ఇప్పుడే మెసేజ్ పెట్టి, ఆయనతో "సరే" అనిపించుకోండి.