వయసు పెరిగితే వివేకం పెరుగుతుందా? దాన్ని కొలిచేదెట్లా?

ప్రశ్న: మా ఊళ్ళో తగాదా వస్తే ఇప్పటికీ పెద్దమనుషుల దగ్గరికే పోతారు. వయసుతోపాటు వివేకం పెరుగుతుందనేది నిజమేనా? సైకాలజీలో దీన్ని ఎట్లా కొలుస్తారు? ఎంఏ ప్రాజెక్టుగా కోవూరు చుట్టుపక్కల ఊళ్ళలో చేద్దామనుకుంటున్నా.

జవాబు:

సగటున చూస్తే పాతికేళ్ళు దాటాక పెద్దగా పెరగదు. కానీ ఆ మాట ఏ కొలతను బట్టి అంటున్నామో తెలియకపోతే పొరబడతాం. కాబట్టి ముందు కొలత సంగతి చెప్తాను.

వివేకాన్ని ప్రశ్నపత్రంతో కొలిచే పద్ధతులున్నాయి. సామాజిక శాస్త్రవేత్త మోనికా ఆర్డెల్ట్ 2003లో ఇచ్చిన స్కేలులో 39 వాక్యాలుంటాయి. ఆలోచన, ఆత్మపరిశీలన, ఎదుటివారి మీద కరుణ అనే మూడు వైపుల నుంచి మనిషిని చూస్తుంది. వాడటం తేలిక. ఇబ్బంది ఏమంటే, అందులో తన గురించి తానే చెప్పుకోవాలి. నిజంగా వివేకమున్న మనిషి తన లోపాలు ఎరిగి తక్కువ వేసుకుంటాడు, లేనివాడు ధైర్యంగా ఎక్కువ వేసుకుంటాడు. మీ ప్రాజెక్టుకు ఇదొక్కటే సరిపోదు.

బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పాల్ బాల్టెస్, ఉర్సులా స్టౌడింగర్, వాళ్ళ తోటివారు వేరే దారి పట్టారు. వాళ్ళ దృష్టిలో వివేకం అంటే బతుకులోని చిక్కుల గురించి లోతైన నేర్పు. వడ్రంగి నేర్పు పనిలో బయటపడినట్టు ఇది జవాబులో బయటపడాలి. అందుకని ఒక మనిషి సమస్య చదివి వినిపిస్తారు. ఉదాహరణకు, 15 ఏళ్ళ అమ్మాయి వెంటనే పెళ్ళి చేసుకుంటానంటోంది, ఏమేం ఆలోచించాలి, ఏం చేయాలి అని అడుగుతారు. విన్నవాళ్ళు మనసులో నడిచే ఆలోచనంతా పైకి చెప్తూ పోవాలి. అదంతా రికార్డు చేసి, అక్షరం పొల్లుపోకుండా రాసి, తర్వాత మార్కులు వేస్తారు.

మన జిల్లాకు సరిపోయే సమస్య ఒకటి తీసుకుందాం. రెండేళ్ళుగా రొయ్యల గుంటలో నష్టపోయిన రైతు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదివే కొడుకు చదువు మానేసి గుంట నేనే చూసుకుంటా అంటున్నాడు. దీనికి నేను కల్పించిన రెండు జవాబులు చూడండి.

మొదటిది: "చదువు మాన్పించకూడదు. ఈ రోజుల్లో డిగ్రీ లేకపోతే ఎందుకూ పనికిరారు. గుంట లీజుకిచ్చేసి పిల్లోడిని గట్టిగా మందలించాలి."

రెండోది: "చదువు ఆపకుండా ఉంటేనే మేలు. అయినా ఈ అబ్బాయి ఎందుకు అంటున్నాడో ముందు తెలియాల. నాన్న అప్పు చూసి భయపడ్డాడా, కాలేజీలో సబ్జెక్టులు పోయినాయా, నిజంగానే గుంట పని మీద ఇష్టమా? ఒక్కోదానికి దారి వేరు. నష్టం వైట్ స్పాట్ రోగం వల్ల వచ్చిందా, రేటు పడిపోయి వచ్చిందా అనేది కూడా చూడాల. ఇరవై ఏళ్ళప్పుడు తీసుకునే నిర్ణయం నలభైలో ఇంకో రకంగా కనబడుద్ది. మేమైతే చదువే గొప్పంటాం, వాళ్ళింట్లో భూమి నిలబెట్టుకోవటమే గొప్ప కావచ్చు. సెలవుల్లో ఒక పంట తండ్రితో కలిసి చేసి చూడమంటా. అది బాగా వచ్చినా మళ్ళీ పంట ఎట్లుంటుందో ఎవరూ చెప్పలేరు, కాబట్టి కాలేజీ సీటు మాత్రం వదలొద్దంటా."

బెర్లిన్ బృందం ఒక్కో జవాబును ఐదు ప్రమాణాలతో చూస్తుంది, ఒక్కో ప్రమాణానికీ విడిగా 1 నుంచి 7 దాకా మార్కులు వేస్తారు. మొదటి రెండూ జ్ఞానానికి సంబంధించినవి: మనుషుల గురించీ బతుకు గురించీ ఎంత తెలుసు, ఏ చిక్కును ఎట్లా విప్పాలో ఎంత తెలుసు. రెండో జవాబులో మూడు కారణాలు వేరు చేయడం, ఒక పంట చేసి చూడమనడం వీటికి వస్తాయి. మూడోది సందర్భం. ఇరవైలోని నిర్ణయం నలభైలో వేరుగా కనిపిస్తుందన్న మాట దీనికి. నాలుగోది ఇంటికో విలువ ఉంటుందని గుర్తించడం. ఐదోది రేపు తెలియదని ఒప్పుకుని, ఆ తెలియనితనానికి తగ్గ ఏర్పాటు చేయడం. సీటు వదలొద్దన్న మాట ఇక్కడికి వస్తుంది. నేనైతే మొదటి జవాబుకు సగటున 2 దగ్గర, రెండోదానికి 5 దగ్గర వేస్తాను. మొదటి జవాబు సలహా తప్పని కాదు. ఆ సలహా ఈ అబ్బాయికి ఎందుకు సరిపోతుందో, ఎప్పుడు సరిపోదో అందులో లేదు.

మార్కులు వేసేవాళ్ళు తప్పేది ఎక్కువగా చివరి రెండింటి దగ్గర. "ఎవరిష్టం వాళ్ళది" అన్నవాడికి నాలుగోదానిలో ఎక్కువ వేసేస్తారు. అది విలువల ఎరుక కాదు, తప్పించుకోవటం. ఎదుటివాడి విలువను గౌరవిస్తూనే హాని జరిగేచోట ఆగమనగలగాలి. అట్లాగే "ఏమో, దేవుడికే తెలుసు" అన్నది ఐదోదాని కిందకు రాదు, దాని వెనక ఏర్పాటు ఉండాలి. ఇంకో తప్పు, పొడుగ్గా ఇంపుగా మాట్లాడినవాళ్ళకు అన్నిట్లోనూ ఎక్కువ పడిపోవడం. అందుకే బెర్లిన్‌లో ఒక్కో ప్రమాణానికి ఇద్దరు చొప్పున శిక్షణ పొందిన పదిమంది మార్కులు వేసేవారు. ఒకే మనిషి ఐదూ వేస్తే ఒకదాని ముద్ర మిగతావాటి మీద పడుతుంది. మీకు పదిమంది దొరకరు. కనీసం ఇద్దరు ఉండి, ముందు అందరి జవాబులకూ ఒక ప్రమాణం పూర్తిచేసి, తర్వాతే రెండోది మొదలుపెట్టండి. ఇద్దరి మార్కులూ ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్క చూపించండి.

ఇక వయసు. ఈ పద్ధతిలో వచ్చిన మార్కులు దాదాపు 14 నుంచి 25 ఏళ్ళ మధ్య పెరుగుతాయి. అక్కణ్ణుంచి సుమారు 75 దాకా సగటు దాదాపు చదునుగానే ఉంటుంది, ఆపైన తగ్గే సూచనలున్నాయి. తలలు నెరిసినంత మాత్రాన వివేకం రాదు గానీ, అంత వయసు దాకా తగ్గకపోవడమే నాకు గట్టి విషయంగా కనిపిస్తుంది. జ్ఞాపకం, చురుకుదనం అప్పటికి మందగిస్తుంటాయి కదా.

మరి మీ ఊరి పెద్దమనుషుల సంగతి? 1995లో బాల్టెస్ బృందం వివేకవంతులని పేరుపడి ఇతరులు ఎంచిన వృద్ధులను పరీక్షించింది. వాళ్ళు క్లినికల్ సైకాలజిస్టులతో సమానంగా చేశారు. అంటే ఊరు ఎంచుకున్న మనిషికీ, ఊళ్ళో 70 ఏళ్ళున్న ప్రతి మనిషికీ తేడా ఉంది. ఈ రెండు గుంపులనూ మీరు కలిపేస్తే వయసు ఫలితం కాస్తా ఎంపిక ఫలితమవుతుంది. పెద్దమనుషులను ప్రత్యేక గుంపుగా పెట్టండి.

ఏం అడుగుతున్నామో దాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. సైకాలజిస్టు ఈగోర్ గ్రాస్‌మన్ 2010లో అమెరికాలో గుంపుల మధ్య గొడవల గురించి అడిగితే 60 దాటినవాళ్ళే మెరుగ్గా ఆలోచించారు. జపాన్‌తో పోల్చినప్పుడు అక్కడి యువకులు అమెరికా యువకులకంటే ముందే ఉన్నారు, వయసుతో వచ్చే తేడా అంతగా కనబడలేదు. ఈథన్ క్రాస్‌తో కలిసి ఆయనే 2014లో చూపించిన ఇంకో సంగతి: ఎదుటివారి చిక్కు గురించి మనిషి తన చిక్కు కంటే వివేకంగా ఆలోచిస్తాడు, ఈ తేడా పెద్దవాళ్ళలోనూ అంతే ఉంటుంది. కాబట్టి తన కయ్య గట్టు తగాదా గురించి ఒకాయన్నీ, పక్కూరి తగాదా గురించి ఇంకొకాయన్నీ అడిగి పోల్చకండి.

మన ఊళ్ళలో చేసేటప్పుడు ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. అరుగు మీద పెద్దాయన్ని ప్రశ్న అడగ్గానే నలుగురు చేరి మాట కలుపుతారు. స్టౌడింగర్, బాల్టెస్ 1996లో చూసిందేమంటే, తెలిసినవారితో సమస్య చర్చించి, తర్వాత కాసేపు ఒంటరిగా ఆలోచించుకుని చెప్పినవారికి మార్కులు దాదాపు ఒక ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. కాలేజీ కుర్రాణ్ణి గదిలో ఒంటరిగా, తాతను జనంలో కూర్చోబెట్టి అడిగితే ఆ తేడాను వయసు ఖాతాలో వేసినట్టవుతుంది. అందరినీ ఒంటరిగానే అడగండి.

జవాబులు రాసుకున్నాక "నా మనవడు", "మా లెక్చరర్" లాంటి మాటలు తీసేసి, వయసు తెలియకుండా చేసి మార్కులకు ఇవ్వండి. తెలుగులో మాట్లాడే తీరే వయసు పట్టిస్తుంది కాబట్టి, మార్కులు వేశాక ఒక్కో జవాబుకూ మనిషి వయసు ఊహించి రాయమని వాళ్ళనే అడగండి. ఊహలు ఎక్కువగా నిజమైతే ఆ సంగతి రిపోర్టులో రాయాలి.