రిలే కలిపితే ఈఎస్‌పీ32 ఎందుకు మొదలవదు?

ప్రశ్న: రిలే తీగను GPIO12కు కలిపితే నా ఈఎస్‌పీ32 బోర్డు మొదలవడం లేదు, తీస్తే బాగానే పనిచేస్తోంది. కారణమేమిటి?

రీసెట్ నుంచి బయటపడే క్షణంలో, మీ ప్రోగ్రామ్ మొదలుకాకముందే, చిప్ కొన్ని పిన్నుల స్థితిని చదివి ఎలా బూట్ కావాలో నిర్ణయించుకుంటుంది. వాటిలో GPIO12 ఫ్లాష్ మెమరీకి ఇవ్వాల్సిన వోల్టేజీని ఎంచుతుంది: పిన్ లో స్థితిలో ఉంటే 3.3 వోల్టులు, హైలో ఉంటే 1.8 వోల్టులు. లోపలి బలహీనమైన పుల్‌డౌన్ దానిని లో స్థితిలోనే ఉంచుతుంది గానీ, లో సంకేతంతో పనిచేసే రిలే మాడ్యూల్ తన ఎల్‌ఈడీ, రెసిస్టర్ల మీదుగా ఆ పిన్నును పైకి లాగుతుంది. పుల్‌అప్ ఉన్న సెన్సర్ చేసేదీ ఇదే. అప్పుడు 3.3 వోల్టుల ఫ్లాష్‌కు చాలినంత వోల్టేజీ అందక, సీరియల్ మానిటర్‌లో ఇది పదేపదే కనిపిస్తుంది:

```
flash read err, 1000
```

ఆ దశలో కోడ్ నడవదు కనుక `pinMode` మార్చి ప్రయోజనం లేదు. తీగను GPIO26కు మార్చండి.