ట్రయల్ బ్యాలెన్స్‌లో 2,700 తేడా
"చిత్తూరులో మామిడి మండీ లెక్కలన్నా, చేతిరాత లెడ్జరే. డెబిట్ 2,700 ఎక్కువొస్తాంది. యాడ వెతకాల?"

ముందు పుస్తకాల్లో సరిగ్గా 2,700 ఉందేమో చూడు తమ్ముడూ. ఉంటే దాని క్రెడిట్ పోస్టింగ్ మరిచిపోయుంటారు. సగం, అంటే 1,350, క్రెడిట్‌కి బదులు డెబిట్‌లో పడినా ఇంతే తేడా వస్తుంది.

రెండూ కాకపోతే 9తో భాగించు. శేషం లేకుండా 300 వస్తుంది కాబట్టి అంకెలు తారుమారయ్యాయని అనుమానించొచ్చు. ఇందులో 3 ఆ రెండంకెల మధ్య తేడా. సున్నాలు రెండున్నాయి గనక అవి వేలు, వందల స్థానాల్లోవి. రైతు ఖాతాలో క్రెడిట్ 5,240 బదులు 2,540 పడిందనుకో, సరిగ్గా 2,700 తగ్గుతుంది. అందుకే 2,5తోనో 1,4తోనో, ఇలా రెండో అంకె మొదటిదానికంటే 3 ఎక్కువుండే జతతో మొదలయ్యే క్రెడిట్లు ముందు టిక్ పెట్టు. 3,000ని 300గా రాసినా తేడా ఇదే, అదీ మరవొద్దు. డేబుక్‌లోనే తప్పు రాసుంటే మాత్రం రెండువైపులా అదే పడుతుంది, ట్రయల్ బ్యాలెన్స్ పట్టుకోదు.